కోపంగా ఉన్న కాలర్: దిల్‌సుఖ్‌నగర్–ఎల్బీనగర్ అభ్యర్థులకు ఎదురయ్యే ఇంటర్వ్యూ ప్రశ్న

కోపంతో ఊగిపోతున్న ఖాతాదారు ఫోన్ చేస్తే ఎలా శాంతింపజేస్తారన్నది కస్టమర్ సపోర్ట్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో తరచుగా వినిపించే ప్రశ్న. బ్యాంకు, టెలికాం, ఆన్‌లైన్ అమ్మకాలు, ఆహారం డెలివరీ, ఇలా ఏ ప్రాసెస్‌కు మనుషుల్ని తీసుకుంటున్నా ఇది ఏదో ఒక రూపంలో వస్తుంది. దీనికి పుస్తకంలో ఉండే జవాబంటూ లేదు. అభ్యర్థి నోటితో చెప్పాలి, అదీ రెండు నిమిషాల్లోపు. అడిగేది మర్యాద గురించే అయినా వినేవాళ్లు ముఖ్యంగా పట్టి చూసేది వరసను. ఏ మాట ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది, ఎక్కడ ఆగారు అన్నదాని మీదే ఫలితం చాలావరకు ఆధారపడుతుంది.

తూర్పు హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ వరస కోచింగ్ సెంటర్లకూ హాస్టళ్లకూ పేరుపడ్డ ప్రాంతం. విజయవాడ హైవే మీదే ఉండడంతో నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి డిగ్రీ పూర్తిచేసి వచ్చినవాళ్లు ఇక్కడ దిగుతారు. గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో చదువుతూ మధ్యలో ఖర్చుల కోసం కాల్ సెంటర్ ఉద్యోగం వెతుక్కునేవాళ్లు వీరిలో ఉంటారు. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో, 2019 మార్చి 20న అమీర్‌పేట–హైటెక్ సిటీ మెట్రో మొదలయ్యాక, ఎల్బీనగర్‌లో ఎక్కి అమీర్‌పేటలో ఒక్కసారి మారితే హైటెక్ సిటీలో వాక్-ఇన్‌కు చేరుకోవచ్చు. జెన్‌ప్యాక్ట్ ప్రాంగణం ఉన్న ఉప్పల్ ఇంకా దగ్గర.

వాక్-ఇన్‌లో సాధారణంగా ముందు హెచ్ఆర్ మాట్లాడతారు. తర్వాత వాయిస్ అండ్ యాక్సెంట్ రౌండ్‌లో ఉచ్చారణ, మాతృభాష యాస ఎంత పడుతోందో చూస్తారు. కోపంగా ఉన్న కాలర్ ప్రశ్న ఎక్కువగా చివరి ఆపరేషన్స్ రౌండ్‌లో వస్తుంది. అక్కడ కూర్చునేది టీమ్ లీడరో మేనేజరో. ఒకప్పుడు హెడ్‌సెట్ పెట్టుకుని తిట్లు తిన్నవాళ్లే చాలామంది ఉంటారు కాబట్టి, బట్టీ పట్టిన జవాబు వాళ్లకు రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది.

ప్రశ్న మూడు రూపాలు

మొదటిది ఊహ. ‘కాలర్ అరుస్తున్నాడనుకోండి, మీరేం చేస్తారు?’ అని అడుగుతారు. గ్యారీ లేథమ్, ఆయన సహచరులు 1980లో ప్రచురించిన పరిశోధనతో ఈ తరహా ఇంటర్వ్యూకు ఒక పద్ధతి ఏర్పడింది. రెండోది అనుభవం. ‘కోపంగా ఉన్న మనిషికి మీరు సర్దిచెప్పిన సందర్భం ఒకటి చెప్పండి’ అంటారు. గతంలో చేసిన పనే రేపు చేయబోయే పనికి మంచి సూచన అనే ఆలోచన దీని వెనకుంది, 1982లో టామ్ జాంజ్ దీన్ని పరీక్షించి చూశారు. మూడోది మాక్ కాల్. ఇంటర్వ్యూ చేసేవారే కాలర్‌గా మారి, బల్లకు అవతల నుంచే అరవడం మొదలుపెడతారు.

అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ఈ మూడింటినీ కలిపేసినప్పుడు. మాక్ కాల్ నడుస్తుంటే ‘నేనైతే ముందు ఓపికగా వింటాను సర్’ అని వివరించకూడదు, వినాలి. అనుభవం అడిగినప్పుడు ‘కస్టమర్‌ను ఎప్పుడూ గౌరవించాలి’ అని సూత్రం చెప్పకూడదు, జరిగింది చెప్పాలి. కాల్ సెంటర్‌లో ఇంతకుముందు పని చేయనివాళ్లు అనుభవం ప్రశ్నకు భయపడనక్కర్లేదు. కొత్తపేటలో మెడికల్ షాపులో కూర్చున్న నాలుగు నెలలైనా, హాస్టల్ వార్డెన్‌కూ విద్యార్థులకూ మధ్య నీళ్ల గొడవ తీర్చిన సాయంత్రమైనా పనికొస్తుంది. లేని కాల్ సెంటర్ కథ అల్లితే మాత్రం మూడో ప్రశ్నకే దొరికిపోతారు. ‘ఆ రోజు బిల్లు ఎంత? ఆయన చివరికి ఏమన్నాడు?’ అని అడిగితే నిజంగా జరిగినదానికి జవాబు వెంటనే వస్తుంది. కల్పించినవాళ్లు పైకప్పు వైపు చూస్తారు.

ఒక కాల్

వరస ఎందుకు ముఖ్యమో ఒక ఊహా ఉదాహరణలో చూద్దాం. సరూర్‌నగర్‌లోని సూపర్ మార్కెట్‌లో ఒకావిడ 5వ తేదీన 1,840 రూపాయల సరుకులు కొని యూపీఐతో చెల్లించారు. ఖాతాలో డబ్బు కట్ అయింది. కౌంటర్లో సౌండ్ బాక్స్ మోగలేదు. వెనక క్యూ ఉంది, షాపువాళ్లు రాలేదంటున్నారు. ఆవిడ నగదు మళ్లీ ఇచ్చి బయటపడ్డారు. ఆ సాయంత్రమే బ్యాంకుకు ఫోన్ చేస్తే 24 గంటల్లో వచ్చేస్తుందన్నారు. 6న చేస్తే మళ్లీ అదే మాట. 7న మూడోసారి చేశారు.

‘మూడోసారి ఫోన్ చేస్తున్న. ఇరవై నాలుగు గంటలల్ల వస్తయన్నరు, రాలే. మల్ల పేరు చెప్పు, నంబర్ చెప్పు అంటరు. నా పైసలు నేను అడుక్కోవాల్నా?’

ఈ మాటల్లో రెండు ఫిర్యాదులున్నాయి. ఒకటి 1,840 రూపాయలు. రెండోది తప్పిన మాట, పదేపదే మొదటికొచ్చే సంభాషణ. గొంతు పెరగడానికి కారణం ఎక్కువగా రెండోదే. చాలామంది అభ్యర్థులు ‘మీ సమస్య నాకు అర్థమైంది మేడమ్, దయచేసి మీ రిజిస్టర్డ్ మొబైల్ నంబర్ చెప్పగలరా?’ అంటారు. ఆవిడ ఏ పనికి విసిగిపోయారో సరిగ్గా ఆ పనే మళ్లీ చేయించినట్టవుతుంది. దీనికన్నా చెడ్డది ‘ముందు మీరు కాస్త శాంతించండి’ అనడం. తప్పు మీ కోపానిదే అన్న అర్థం అందులో ధ్వనిస్తుంది, గొంతు ఇంకో మెట్టు పైకెక్కుతుంది.

సరైన వరసలో ఏజెంట్ ముందు అడ్డురాకుండా వింటాడు. వింటున్నట్టు తెలియడానికి మధ్యమధ్య ‘అవునండీ’, ‘చెప్పండి మేడమ్’ అంటే చాలు. పూర్తిగా మౌనంగా ఉంటే లైన్ తెగిందనుకుని ఆవిడ ‘హలో, హలో’ అని మరింత చిరాకు పడతారు. ఆవిడ మొదటి దమ్ము తీసుకునే చోట రెండు ఫిర్యాదులనూ ఆవిడకే తిరిగి చెబుతాడు: ‘మేడమ్, ఇది మీ మూడో కాల్. 24 గంటల్లో వస్తాయని మావాళ్లే చెప్పారు, రాలేదు. దానికి సారీ అండి. మీరు షాపులో రెండోసారి నగదు కూడా ఇచ్చారు. పాత కంప్లైంట్ నా స్క్రీన్ మీదే ఉంది, మళ్లీ మొదటినుంచి చెప్పక్కర్లేదు. మీ ఖాతా వివరాలు మీకే చెబుతున్నానని నిర్ధారించుకోవడానికి ఒక్క ప్రశ్న అడుగుతాను.’ ఇక్కడ సారీ ఒక్కసారే వచ్చింది, ఏ తప్పుకో ఆ తప్పుకే వచ్చింది. ఐదుసార్లు చెప్పిన సారీకి విలువ ఉండదు.

ఆ తర్వాత తనిఖీ. లావాదేవీ స్థితి ఏమిటో చూడకుండా హామీ ఇవ్వకూడదు. షాపు వైపు డబ్బు చేరినట్టు, అంటే సక్సెస్ అని కనిపిస్తే దారి వేరు. అప్పుడు డబ్బు దానంతటది తిరిగి రాదు. లావాదేవీ 12 అంకెల రిఫరెన్స్ నంబర్ ఆవిడకిచ్చి షాపువాళ్ల ఖాతాలో సరిచూడమనాలి, అవసరమైతే డిస్ప్యూట్ నమోదు చేయాలి. షాపుకు నిర్ధారణ చేరకుండా మధ్యలో ఆగిందని కనిపిస్తే రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్ 20న ఇచ్చిన ఉత్తర్వు వర్తిస్తుంది. దాని ప్రకారం వ్యాపారికి చేసిన యూపీఐ చెల్లింపులో ఖాతా డెబిట్ అయి నిర్ధారణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా డబ్బు తిరిగి జమ కావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. అదీ ఖాతాదారు అడగకుండానే ఇవ్వాలి.

అంటే ఈ కేసులో గడువు 10వ తేదీ. ఒకవేళ డబ్బు 13న పడితే మూడు రోజుల ఆలస్యానికి 300 రూపాయలు కలపాలి. మొదటి ఇద్దరు ఏజెంట్లు 24 గంటలని చెప్పింది దయతోనో, కాల్ త్వరగా ముగించాలనో తెలియదు గానీ, ఆ మాటకు నిబంధనల్లో ఆధారం లేదు. కోపాన్ని పుట్టించింది ఆ మాటే. మూడో ఏజెంట్ కూడా ‘రేపటికల్లా వచ్చేస్తుంది’ అంటే కాల్ బాగానే ముగుస్తుంది, 8న నాలుగో కాల్ వస్తుంది. కాబట్టి చెప్పాల్సింది ఇది: ‘మేడమ్, నిబంధన ప్రకారం 10వ తేదీలోపు మీ ఖాతాలో పడాలి. ఈరోజే పడుతుందని నేను చెప్పలేను. 10 దాటితే రోజుకు 100 రూపాయలు అదనంగా మీరు అడగకుండానే రావాలి. ఇదంతా కంప్లైంట్‌లో రాస్తున్నాను, నంబర్ మెసేజ్ పంపుతాను.’ వినడానికి ఇది 24 గంటల కన్నా చేదు వార్త. అయినా ఆవిడకు ఇప్పుడు పట్టుకోవడానికి ఒక తేదీ, ఒక అంకె ఉన్నాయి.

కాలర్ చల్లబడ్డారని తెలియడానికి థాంక్యూ కోసం ఎదురుచూడనక్కర్లేదు. అప్పటిదాకా ‘మీరు ఎందుకు...’ అంటున్న మనిషి ‘అయితే ఎప్పుడు...’ అనడం మొదలుపెడితే మలుపు తిరిగినట్టే. నంబర్ రాసుకోవడానికి పెన్ను వెతుక్కుంటే ఇంకా మంచిది.

జవాబును నోటితో చెప్పే తీరు

పై కాల్ పదిహేను నిమిషాలు నడవొచ్చు, ఇంటర్వ్యూలో చెప్పడానికి తొంభై సెకన్లు, మహా అయితే రెండు నిమిషాలు ఉంటాయి. సందర్భం, బాధ్యత, చర్య, ఫలితం అనే నాలుగు మెట్ల స్టార్ పద్ధతిని స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుల్లో నేర్పుతుంటారు. పద్ధతి మంచిదే, సమయం లెక్కే తప్పుతుంది. సందర్భం చెప్పడానికే నిమిషం పోతే చర్యకు సమయం మిగలదు. సందర్భానికి రెండు వాక్యాలు, బాధ్యతకు ఒకటి చాలు. సగానికి పైగా సమయం చర్యకే ఇవ్వాలి, అందులోనూ కాలర్‌తో నిజంగా అనే మాటలు కనీసం రెండు యథాతథంగా వినిపించాలి. ‘ఎంపతీ చూపిస్తాను’ అన్న వాక్యంలో ఎంపతీ ఎక్కడా వినపడదు.

పై కేసునే ఊహా ప్రశ్నకు జవాబుగా చెబితే ఇలా ఉంటుంది:

‘సర్, ఒక మేడమ్ మూడోసారి ఫోన్ చేశారనుకుంటాను. యూపీఐలో డబ్బు పోయింది, 24 గంటల్లో వస్తాయన్న మాట తప్పింది. నా బాధ్యత ఆవిడకు నిజమైన తేదీ చెప్పడం, నాలుగో కాల్ అవసరం లేకుండా చేయడం. ముందు ఆపకుండా వింటాను. తర్వాత “ఇది మీ మూడో కాల్, మావాళ్లు చెప్పిన మాట నిలబడలేదు, దానికి సారీ” అంటాను. పాత కంప్లైంట్ నా ముందే ఉందని చెప్పి, అప్పుడు వెరిఫికేషన్ చేస్తాను. హోల్డ్ పెట్టాల్సి వస్తే ఎందుకో, ఎంతసేపో చెప్పి, అనుమతి అడుగుతాను. లావాదేవీ మధ్యలో ఆగిందని తేలితే, ఐదు రోజుల గడువు ప్రకారం ఏ తేదీలోపు వస్తాయో, దాటితే ఏం వస్తుందో చెబుతాను. ఈరోజే వస్తాయని మాత్రం చెప్పను. కంప్లైంట్ నంబర్ పంపి, ఆవిడ ఇంకేమైనా అడగాలనుకుంటున్నారా అని కనుక్కుంటాను. ఆవిడ మళ్లీ చేసినా తర్వాతి ఏజెంట్ అడగాల్సిన పని లేకుండా నోట్స్ రాస్తాను.’

ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వచ్చినా చట్రం ఇదే. అంతర్జాతీయ ప్రాసెస్‌కు రిజర్వ్ బ్యాంకు నిబంధన పనికిరాదు, దాని చోట ఆ కంపెనీ రీఫండ్ విధానం వస్తుంది. నిబంధన తెలియకపోతే ‘గడువు ఎంతో నాలెడ్జ్ బేస్‌లో చూసి, ఆ తేదీయే చెబుతాను’ అనడం మంచిది. కొత్తవాళ్లకు బ్యాంకింగ్ గడువులు తెలియాలని ఎవరూ ఆశించరు. తెలియని గడువును ధీమాగా చెప్పేవాళ్లనే వద్దనుకుంటారు.

తిరుగు ప్రశ్నలు

జవాబు బాగుంటే ఇంటర్వ్యూ చేసేవాళ్లు అక్కడితో వదలరు. ‘ఆయన మీ సూపర్‌వైజర్‌నే ఇవ్వమంటాడు, అప్పుడు?’ అన్నది తరచుగా వచ్చే తిరుగు ప్రశ్న. వెంటనే ఇచ్చేస్తానన్నా తప్పే, ఇవ్వనన్నా తప్పే. ఒకసారి తాను చేయగలిగింది చెప్పి చూడాలి. మళ్లీ అడిగితే బదిలీ చేయాలి, అయితే విషయమంతా ముందే టీమ్ లీడర్‌కు చెప్పి మరీ లైన్ కలపాలి. కాలర్ నాలుగోసారి మొదటినుంచి కథ చెప్పాల్సి వస్తే అప్పటిదాకా పడ్డ కష్టమంతా పోతుంది.

‘బూతులు తిడితే?’ అని కూడా అడుగుతారు. కంపెనీని తిట్టడం వేరు, ఏజెంటును తిట్టడం వేరు. మొదటిదాన్ని వినాలి. రెండోదానికి చాలా ప్రాసెస్‌లలో హెచ్చరించి, ఆగకపోతే కాల్ ముగించే విధానం ఉంటుంది, హెచ్చరికలు ఎన్ని అన్నది కంపెనీని బట్టి మారుతుంది. ‘ఎన్ని తిట్లయినా భరిస్తాను’ అని వినయం ఒలకబోసే అభ్యర్థిని చూసి సంతోషించే టీమ్ లీడర్లు తక్కువే. ఆ మనిషి మూడు నెలల్లో మానేస్తాడని వాళ్లకు తెలుసు. లోపల ఒకటి ఉంచుకుని గొంతులో ఇంకొకటి పలికించే ఈ పనిని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ విమాన సిబ్బంది మీద అధ్యయనం చేసి, 1983లో వెలువడిన పుస్తకంలో భావోద్వేగ శ్రమగా వర్ణించారు. అది శ్రమే కాబట్టి దానికి అలుపు ఉంటుంది. ‘అలాంటి కాల్ తర్వాత రెండు నిమిషాలు నీళ్లు తాగి వస్తాను’ అన్న అభ్యర్థి నిజం చెబుతున్నట్టు లెక్క.

బెదిరింపు ఈ రెండింటికీ భిన్నం. రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్బీనగర్‌లోనే ఉన్నాయి కాబట్టి, ‘కోర్టు మా ఇంటి పక్కనే, కేసేస్త’ అనే కాలర్‌ను ఊహించుకోవడం కష్టం కాదు. అది తిట్టు కాదు, హక్కు. వాదించకుండా దారి చెప్పాలి. బ్యాంకు 30 రోజుల్లో ఫిర్యాదు తీర్చకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, 2021 నవంబర్ 12న మొదలైన రిజర్వ్ బ్యాంకు సమీకృత అంబుడ్స్‌మన్ పథకం కింద ఫిర్యాదు చేసుకోవచ్చు. ఈ సంగతి ఏజెంటే చెబితే చాలాసార్లు బెదిరింపులో వేడి తగ్గిపోతుంది.

వరస తిరగబడే సందర్భం

పైన చెప్పిన వరస పనికిరాని కాల్ ఒకటుంది. గట్టి ఇంటర్వ్యూలో దీన్నే చివర్లో వేస్తారు: ‘ఆయన అరుస్తున్నాడు, తన ఖాతాలోంచి ఎవరో డబ్బు లాగేస్తున్నారంటున్నాడు.’ ఇక్కడ పూర్తిగా విని, ఫిర్యాదును తిరిగి చెప్పి, సారీ చెప్పేసరికి ఇంకో లావాదేవీ జరిగిపోవచ్చు. కోపం, భయం కలిసిన ఈ గొంతును ఆపడం తప్పు కాదు, ఆపకపోవడమే తప్పు. ‘సర్, ముందు డబ్బు పోకుండా ఆపుదాం. మీ పేరు, పుట్టిన తేదీ చెప్పండి, కార్డు, యూపీఐ వెంటనే బ్లాక్ చేస్తాను. తర్వాత మొత్తం వింటాను’ అనాలి.

తొందరకు నిబంధనలోనే కారణముంది. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6 నాటి ఉత్తర్వు ప్రకారం, బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేకుండా మూడోవారి వల్ల డబ్బు పోతే, లావాదేవీ సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెప్పిన ఖాతాదారుపై నష్టం పడదు. ఓటీపీ చెప్పేయడం లాంటి నిర్లక్ష్యం ఖాతాదారుదే అయితే, బ్యాంకుకు తెలియజేసే క్షణం దాకా పోయిన డబ్బు ఆయనదే, తెలియజేశాక పోయేది బ్యాంకుది. అంటే ఏజెంట్ ఓదార్పు మాటలతో గడిపిన ప్రతి నిమిషానికీ రూపాయల్లో లెక్క ఉంటుంది. ఫిర్యాదు నమోదైన సమయాన్ని గంట, నిమిషంతో సహా నోట్స్‌లో రాయాలి, రేపు తగవు వస్తే చూసేది దాన్నే. ఖాతా బ్లాక్ చేశాక సైబర్ నేరాల జాతీయ హెల్ప్‌లైన్ 1930కు ఆలస్యం లేకుండా ఫోన్ చేయమని చెప్పాలి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే స్తంభింపజేసే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ. ఈ కాల్‌కు ‘ముందు ఓపికగా వింటాను’ అని మొదలుపెట్టిన అభ్యర్థి మిగతా జవాబు ఎంత బాగా చెప్పినా బ్యాంకింగ్ ప్రాసెస్‌కు సరిపోడు.